ఆప్షను ధరలో దాగిన చంచలత

చిత్తూరు జిల్లాలో ఎండలు ముదిరే నాటికి తోతాపురి మామిడి చెట్లకు కాయ నిలుస్తుంది. కోత మాత్రం జూన్, జూలై నెలల్లో. ఈ కాయలో ఎక్కువ భాగం గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు వెళుతుంది. జూలైలో కిలో ఎంత పలుకుతుందో ఏప్రిల్‌లో రైతుకూ తెలియదు, ఫ్యాక్టరీ యజమానికీ తెలియదు.

ఇప్పుడు ఒక ఒప్పందాన్ని ఊహించుకుందాం. ఏప్రిల్‌లో ఫ్యాక్టరీ యజమాని రైతుకు కిలోకు ఒక రూపాయి చొప్పున బయానా ఇచ్చి, "జూలైలో నేను కోరితే నీ కాయ కిలో 12 రూపాయలకు నాకు ఇవ్వాలి. నేను కోరకపోతే బయానా నీదే" అంటాడు. జూలైలో ధర 20 రూపాయలైతే అతడు 12కు కొంటాడు. ధర 6 రూపాయలైతే ఈ ఒప్పందం జోలికి పోక బజారులోనే కొంటాడు. అతనికి కొనే హక్కు ఉన్నది, కొనవలసిన బాధ్యత లేదు. ఇటువంటి హక్కునే ఆప్షను అంటారు. కొనే హక్కు కాల్ ఆప్షను, అమ్మే హక్కు పుట్ ఆప్షను. ముందుగా నిర్ణయించుకొన్న 12 రూపాయలు స్ట్రైకు ధర. హక్కు కోసం చెల్లించే బయానాయే ప్రీమియం. 2025లో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 రూపాయలు రైతుకు అందాలని ప్రకటించారు. లెక్క ప్రకారం చూస్తే అది రైతుకు ప్రీమియం లేకుండా ఇచ్చిన పుట్ ఆప్షను వంటిది.

ఈ హక్కుకు ఎంత బయానా ఇవ్వడం న్యాయం? జూలైలో ధర 10 గాని 14 గాని కావచ్చునని, రెండింటికీ సమానావకాశమని అనుకుందాం. ధర 14 అయితే యజమానికి 2 రూపాయల లాభం, 10 అయితే సున్న. సగటున హక్కు విలువ 1 రూపాయి. అలాగాక ధర 4 గాని 20 గాని కావచ్చుననుకుంటే 20 అయినప్పుడు 8 రూపాయల లాభం, 4 అయినప్పుడు మళ్ళీ సున్నే. సగటు విలువ 4 రూపాయలు. రెండు సందర్భాల్లోనూ కాయ సగటు ధర 12 రూపాయలే. అయినా హక్కు విలువ నాలుగు రెట్లయింది. మారినది ధర కాదు, ధర ఊగిసలాడే వెడల్పు. దీనినే చంచలత అంటారు. ఆప్షను కొనేవాడు ఒక వస్తువు ధరతోపాటు దాని చంచలతను కూడా కొంటున్నాడు. ఈ సంగతి గ్రహించనివారు దిశను సరిగా ఊహించి కూడా డబ్బు పోగొట్టుకుంటారు.

మామిడికి రోజూ ధర పలికే ఆప్షను బజారు లేదు. నిఫ్టీకి ఉన్నది. నిఫ్టీ అంటే జాతీయ స్టాక్ ఎక్స్ఛేంజిలోని 50 పెద్ద కంపెనీల షేర్ల ధరలను కలిపి లెక్కించే సూచీ. దీనిపై ఆప్షనుల వ్యాపారం 2001 జూన్ 4న ప్రారంభమైనది. సరిగా 23 సంవత్సరాల తరువాత, 2024 జూన్ 4న, లోక్‌సభ ఎన్నికల ఓట్ల లెక్కింపు జరిగింది. ఆనాడు చిత్తూరు, తిరుపతి లెక్కింపు కేంద్రాల్లో లోక్‌సభతోపాటు శాసనసభ ఫలితాలు కూడా వెలువడుతున్నాయి. అదే సమయంలో నిఫ్టీ అంకెలను గమనిస్తున్నవారు తక్కువమంది కారు. ఆ వారంలో జరిగినది మన విషయానికి చక్కని ప్రయోగం వంటిది.

జూన్ 3 సాయంత్రం నిఫ్టీ 23,263.90 వద్ద ముగిసింది. లెక్కింపు రోజున 1,379 పాయింట్లు పడి 21,884.50కి దిగింది. ఒక్క రోజులో దాదాపు 6 శాతం పతనమన్నమాట. మరునాటి నుంచి కోలుకొని, జూన్ 7 సాయంత్రానికి 23,290.15కు చేరింది. అంటే పడినదంతా తిరిగి వచ్చి, మీదుగా 26 పాయింట్లు చేరాయి.

జూన్ 3 సాయంత్రం ఒకడు 23,300 స్ట్రైకు గల కాల్ ఆప్షను కొన్నాడనుకుందాం. గడువు జూన్ 27. నడుమ భయపడి అమ్మకుండా, జూన్ 7 వరకు గట్టిగా పట్టుకొని కూర్చున్నాడు. నిఫ్టీ కొన్ననాటికంటె 26 పాయింట్లు పైన ఉన్నది. అతని ఆప్షను ధర పెరిగిందా, తగ్గిందా?

ఈ ప్రశ్నకు సమాధానం చెప్పేవే గ్రీకు అక్షరాల పేర్లు గల కొలతలు. 1973లో ఫిషర్ బ్లాక్, మైరన్ షోల్స్ అనే ఇద్దరు ఆప్షను ధరకు ఒక సూత్రాన్ని ప్రకటించారు. రాబర్ట్ మెర్టన్ దానిని విస్తరించాడు. ఈ సూత్రంలోకి పోయే రాశులు ఐదు: సూచీ విలువ, స్ట్రైకు ధర, గడువుకు మిగిలిన కాలం, వడ్డీ రేటు, చంచలత. ఒక్కొక్క రాశి కొంచెం మారితే ప్రీమియం ఎంత మారుతుందో చెప్పే అంకెకు ఒక్కొక్క పేరు పెట్టారు. మనకిక్కడ ముఖ్యమైనవి డెల్టా, వేగా, థీటా. వీటిలో వేగా నిజానికి గ్రీకు అక్షరమే కాదు, అలవాటులో ఆ వరుసలో చేరిపోయింది.

మొదట ఆనాటి ప్రీమియం ఎంతో చూద్దాం. సూత్రం పూర్తి రూపం కొంత జటిలమైనదే. కాని స్ట్రైకు ధర సూచీకి సమానంగా ఉన్నప్పుడు, వడ్డీని విడిచిపెడితే, అది ఉన్నత పాఠశాల విద్యార్థి కూడా చేయగలిగిన గుణకారంగా మారుతుంది:

ప్రీమియం = 0.4 × సూచీ × చంచలత × √కాలం

ఇందులో కాలాన్ని సంవత్సరాల్లో చెప్పాలి. జూన్ 3 నుంచి 27 వరకు 24 రోజులు, అంటే 24/365 సంవత్సరం. దాని వర్గమూలం 0.256. చంచలతకు ఇండియా విక్స్ అనే సూచికను తీసుకుందాం. నిఫ్టీ ఆప్షనుల ధరల నుంచే దీనిని ఎక్స్ఛేంజి లెక్కిస్తుంది. జూన్ 3న అది సుమారు 21 శాతం. గుణిస్తే 0.4 × 23,264 × 0.21 × 0.256 సుమారు 500 అవుతుంది. మన స్ట్రైకు సూచీకంటె 36 పాయింట్లు ఎగువన ఉన్నది గనుక అందులో సగం, 18, తీసివేయాలి. సగమే ఎందుకో డెల్టా దగ్గర తెలుస్తుంది. మిగిలేది 482. పూర్తి సూత్రం కూడా ఇదే అంకెను ఇస్తుంది. ఒక లాటుకు ఆనాడు 25 యూనిట్లు గనుక కొన్నవాడు చెల్లించినది సుమారు 12,050 రూపాయలు. వడ్డీని కూడా లెక్కిస్తే ప్రీమియం మరొక 50 పాయింట్లు ఎక్కువ ఉంటుంది. బజారులో నిజంగా పలికిన ధరలు కూడా ఈ లెక్కకు కొంత అటూ ఇటూగా ఉంటాయి. మన వాదానికి ఆ తేడా అడ్డం రాదు.

ఇప్పుడు డెల్టా సంగతి. సూచీ ఒక పాయింటు మారితే ప్రీమియం ఎన్ని పాయింట్లు మారుతుందో అది డెల్టా. గ్రాఫు కాగితం మీద అడ్డంగా నిఫ్టీని, నిలువుగా కాల్ ధరను గుర్తించి రేఖ గీస్తే అది సరళరేఖ కాదు, వక్రరేఖ. ఎడమవైపున, అంటే నిఫ్టీ స్ట్రైకుకు చాలా దిగువన ఉన్నచోట, అది దాదాపు నేలబారుగా ఉంటుంది. అక్కడ హక్కు ఎలాగూ పనికిరాదు గనుక నిఫ్టీ కొంచెం కదిలినా లెక్కలేదు. కుడివైపున, నిఫ్టీ స్ట్రైకును బాగా దాటినచోట, రేఖ 45 డిగ్రీల వాలుతో పైకి పోతుంది. అక్కడ నిఫ్టీ ఒక పాయింటు పెరిగితే కాల్ కూడా ఒక పాయింటు పెరుగుతుంది. డెల్టా అనేది ఈ వక్రరేఖకు ఒక బిందువు వద్ద గీసిన స్పర్శరేఖ వాలు. కాల్‌కు అది సున్నకూ ఒకటికీ మధ్య ఉంటుంది. స్ట్రైకుకు దగ్గరలో సుమారు 0.5. మనం 36లో సగం తీసివేయడానికి కారణం ఇదే. జూన్ 3న మన కాల్ డెల్టా కూడా 0.5.

డెల్టా ఒక వాలు మాత్రమేనన్న సంగతి మరచిపోతే ఏమవుతుందో జూన్ 4 చూపించింది. నిఫ్టీ 1,379 పాయింట్లు పడింది. డెల్టా 0.5 గనుక ప్రీమియం 690 పాయింట్లు తగ్గాలి. కాని ఉన్నదే 482! ఆప్షను ధర సున్నకంటె దిగువకు పోలేదు. హక్కుకు బాధ్యత లేదు గనుక దాని విలువ రుణసంఖ్య కావడం అసంభవం. పొరపాటు ఎక్కడ? స్పర్శరేఖ ఆ బిందువు పక్కన మాత్రమే వక్రరేఖను అంటిపెట్టుకొని ఉంటుంది. దూరం పోయినకొద్దీ రెండూ విడిపోతాయి. నిఫ్టీ పడుతున్నకొద్దీ వాలు కూడా తగ్గుతూ, సాయంత్రానికి డెల్టా 0.5 నుంచి 0.19కి దిగింది. డెల్టా ఇట్లా మారే వేగాన్ని గామా అంటారు. కనుక డెల్టాతో పది, యాభై పాయింట్ల కదలికను లెక్కించవచ్చును గాని ఎన్నికల ఫలితాల నాటి పతనాన్ని లెక్కించరాదు.

పూర్తి సూత్రం ప్రకారం జూన్ 4 సాయంత్రం మన కాల్ విలువ 147. ఇందులో మరొక విశేషం ఉన్నది. ఆ సాయంత్రం విక్స్ 21 నుంచి సుమారు 27కు పెరిగింది. ఏ పార్టీకీ ఒంటరిగా మెజారిటీ రాకపోవడంతో తరువాత ఏమవుతుందోనన్న అనిశ్చితి హెచ్చింది. విక్స్ 21 వద్దనే ఆగిపోయివుంటే మన కాల్ విలువ 68 మాత్రమే. మిగిలిన 79 పాయింట్లు నిఫ్టీ ఇచ్చినవి కావు, చంచలత ఇచ్చినవి.

ఈ చంచలత ఎక్కడనుంచి వచ్చింది? సూత్రంలోకి పోయే ఐదు రాశుల్లో నాలుగు అందరికీ కనబడతాయి. నిఫ్టీ తెర మీద ఉన్నది. స్ట్రైకు, గడువు ఒప్పందంలో ఉన్నాయి. వడ్డీ రేటు తెలిసినదే. రాబోయే 24 రోజుల్లో నిఫ్టీ ఎంత ఊగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. కాని ఆప్షను ధర బజారులో కనబడుతూనే ఉన్నది. అందువల్ల లెక్కను తిరగవేస్తారు. ఏ చంచలతను సూత్రంలో పెడితే బజారు ధర వస్తుందో ఆ అంకెను వెదకుతారు. మన ఉదాహరణలో 0.4 × 23,264 × 0.256 సుమారు 2,386. స్ట్రైకు సర్దుబాటు చేసిన ధర 500. కనుక చంచలత 500ను 2,386తో భాగించగా వచ్చిన 0.21, అంటే 21 శాతం. ధరలో ఇమిడివున్న ఈ అంకెనే ఇంప్లైడ్ వొలటిలిటీ, గర్భిత చంచలత, అంటారు. ఇది గతాన్ని కొలిచిన కొలత కాదు. భవిష్యత్తును గూర్చి కొనేవారూ అమ్మేవారూ కలసి డబ్బు రూపంలో వెలిబుచ్చిన అంచనా. నిఫ్టీ ఏ దిశకు పోతుందో ఇది చెప్పదు, ఎంత దూరం పోవచ్చునో చెబుతుంది.

ఇక జూన్ 7కు వద్దాం. ఆనాటి విక్స్ సుమారు 17. గడువుకు మిగిలినది 20 రోజులు, దాని వర్గమూలం 0.234. గుణిస్తే 0.4 × 23,290 × 0.17 × 0.234 సుమారు 370. స్ట్రైకు 10 పాయింట్లు ఎగువన ఉన్నది గనుక 5 తీసివేస్తే 365. నిఫ్టీ 26 పాయింట్లు పెరిగింది. కాల్ మాత్రం 482 నుంచి 365కు తగ్గింది. లాటుకు 12,050 రూపాయలు పెట్టినవానికి మిగిలినది 9,125. నాలుగవ వంతు హరించుకుపోయింది.

గ్రీకు అక్షరాలు ఈ నష్టానికి జమాఖర్చు రాసి చూపుతాయి. డెల్టా 0.5 గనుక నిఫ్టీ పెరిగిన 26 పాయింట్లకు 13 జమ. వేగా అంటే చంచలత ఒక శాతం మారితే ప్రీమియం మారే పాయింట్లు. జూన్ 3న అది సుమారు 24, కనుక చంచలత 21 నుంచి 17కు, నాలుగు శాతాలు తగ్గినందుకు 95 ఖర్చు. థీటా అంటే ఒక రోజు గడిచినందువల్ల కరిగిపోయే పాయింట్లు. అది సుమారు 10.4, కనుక నాలుగు రోజులకు 42 ఖర్చు. 482కు 13 కలిపి, 95, 42 తీసివేస్తే 358 వస్తుంది. అసలు విలువ 365. ఏడు పాయింట్ల తేడా ఎందుకంటే ఈ వాలులు కూడా నాలుగు రోజుల్లో కొంచెం కొంచెం మారినాయి. ఈ పద్దులో పెద్ద అంకె ఏదో చూడండి. నిఫ్టీ పద్దు అన్నిటికంటె చిన్నది, చంచలత పద్దు అన్నిటికంటె పెద్దది.

జూన్ 3న చంచలత అంత హెచ్చుగా ఎందుకుండి, తరువాత ఎందుకు పడిపోయింది? దీనికి పైథాగరస్ సిద్ధాంతాన్ని పోలిన ఒక నియమం సహాయపడుతుంది. లంబకోణ త్రిభుజంలో భుజాలు కూడవు, వాటి వర్గాలు కూడతాయి. అట్లాగే ఒకదానితో ఒకటి సంబంధం లేని రోజుల ఊపులు నేరుగా కూడవు, వాటి వర్గాలు కూడతాయి. చంచలతను వర్గమూలపు కాలంతో గుణించడానికి మూలం ఇదే.

సంవత్సరానికి 21 శాతమంటే 24 రోజులకు 21 × 0.256, సుమారు 5.4 శాతం. దాని వర్గం 29. ఇది గడువు లోపలి 17 వ్యాపార దినాల మొత్తం. అందులో ఒకటి లెక్కింపు రోజు, 16 మామూలు రోజులు. మామూలు రోజుల చంచలత సంవత్సరానికి 14 శాతమని ఊహిద్దాం. సంవత్సరానికి వ్యాపార దినాలు సుమారు 252, దాని వర్గమూలం 15.9. కనుక ఒక రోజు ఊపు 0.88 శాతం, వర్గం 0.78. పదహారు రోజులకు 12.4. మొత్తం 29 నుంచి ఇది పోగా 16.6 మిగులుతుంది. అది లెక్కింపు రోజు వాటా. దాని వర్గమూలం 4.1. అంటే జూన్ 3 సాయంత్రపు ఆప్షను ధరలు "రేపు ఒక్కనాడు నిఫ్టీ సుమారు 4 శాతం అటో ఇటో ఊగవచ్చును" అని చెబుతున్నాయన్నమాట. మామూలు రోజుల చంచలతను 12 అనుకుంటే ఈ అంకె 4.5, 16 అనుకుంటే 3.6. ఊహ మారినా భావం మారదు. నిజంగా వచ్చిన ఊపు 5.93 శాతం.

ఈ 16.6 అనే వాటా ఫలితం ఎవరికి అనుకూలమైనా, నిఫ్టీ పెరిగినా పడినా, లెక్కింపు రోజు దాటగానే మొత్తంలోనుంచి జారిపోవలసినదే. పరీక్ష అయిపోయిన తరువాత పరీక్ష భయానికి చోటు లేదు గదా. ఫలితం ఊహించనిది కావడంవల్ల ఇక్కడ ఆ తగ్గుదల ఒక రోజు ఆలస్యమైనది. జూన్ 4న 27కు ఎగసిన విక్స్ మరునాటికే సుమారు 19కి దిగింది. జూన్ 7న 20 రోజులకు మిగిలిన మొత్తాన్ని లెక్కించి చూస్తే 29కి బదులు 16 మాత్రమే వస్తుంది. జూన్ 3న కాల్ కొన్నవాడు ఈ వాటాకు కూడా పూర్తి ధర చెల్లించాడు. కేంద్ర బడ్జెటు, రిజర్వు బ్యాంకు వడ్డీ నిర్ణయం, కంపెనీల త్రైమాసిక లెక్కలు వెలువడే రోజులకు ముందు కూడా ఆప్షను ధరల్లో ఇటువంటి వాటా చేరుతుంది.

ఈ లెక్కలకు హద్దులున్నాయి. సూత్రం నిఫ్టీ కదలికలు చిన్న చిన్న అడుగులుగా సాగుతాయని భావిస్తుంది. నిజమైన బజారు అప్పుడప్పుడు దూకుతుంది. అందువల్లనే పెద్ద పతనాన్నుంచి రక్షణ నిచ్చే దిగువ స్ట్రైకుల పుట్‌లలో గర్భిత చంచలత ఎక్కువగా ఉంటుంది. ఒకే గడువుకు ఒక్కొక్క స్ట్రైకుకు ఒక్కొక్క అంకె కనబడితే సూత్రం బజారుకు అచ్చంగా సరిపోలేదని గుర్తు. మనం అన్నిటికీ విక్స్‌నే వాడి లెక్కను తేలిక చేసుకొన్నాం. పైగా విక్స్ రాబోయే 30 రోజులకు చెందినది. ఒక వారం గడువు గల ఆప్షనులో అదే లెక్కింపు రోజు వాటా కొద్ది రోజుల మీదనే పడుతుంది గనుక అక్కడ చంచలత అంకె ఇంకా హెచ్చుగా ఉంటుంది, పతనం ఇంకా తీవ్రంగా ఉంటుంది.

2021-22 నుంచి 2023-24 వరకు మూడు సంవత్సరాల్లో షేర్ల ఫ్యూచర్సు, ఆప్షనులలో వ్యాపారం చేసిన వ్యక్తుల్లో 93 శాతం నష్టపోయారని, ఆ నష్టం 1.8 లక్షల కోట్ల రూపాయలు దాటిందని సెబీ 2024 సెప్టెంబరులో ప్రకటించింది. ఈ నష్టాలకు కారణాలు అనేకం. "నిఫ్టీ పెరుగుతుందా, పడుతుందా" అన్న ఒక్క ప్రశ్నతోనే బజారులోకి దిగడం వాటిలో ఒకటి. అడగవలసిన రెండవ ప్రశ్న ప్రీమియంలోనే రాసివున్నది. మామిడి తోట యజమానికి ఇచ్చే బయానా రూపాయా, నాలుగు రూపాయలా అన్నది కాయ ధరనుబట్టి మాత్రమే కాక, ఆ ధర ఎంత ఊగుతుందన్న అంచనానుబట్టి కూడా నిర్ణయమైనది. ఆ అంచనా నిజమైన ఊపుకంటె ఎక్కువదైతే, కాయ ధర పెరిగినా బయానా ఇచ్చినవాడు నష్టపోవచ్చును.